ఐదు వారాల పరిచయం, ఆషాఢం లోపు పెళ్ళి: ఒప్పుకోవాలా, ఆగమని చెప్పాలా?

ప్రశ్న: మ్యాట్రిమొనీలో పరిచయమై ఐదు వారాలైంది. రోజూ రాత్రి మూడు నాలుగు గంటలు మాట్లాడుకుంటాం, పదేళ్ళుగా తెలిసిన మనిషిలా అనిపిస్తాడు. రెండుసార్లే కలిశాం. వాళ్ళింట్లో ఆషాఢం రాకముందే పెళ్ళి అయిపోవాలంటున్నారు. నా ఫ్రెండ్ ఐదేళ్ళు డేటింగ్ చేసి పెళ్ళి చేసుకుని ఏడాదిన్నరకే విడిపోయింది. మరి నిదానంగా వెళ్ళడం వల్ల నిజంగా లాభం ఉందా, లేక ఎవరి అదృష్టం వాళ్ళదా? మా అమ్మావాళ్ళు ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చేద్దామంటున్నారు.

జవాబు:

సూటిగా చెప్తానండీ. లాభం ఉంది, కాకపోతే నెలలు గడిచినంత మాత్రాన వచ్చేది కాదు. ఆ గడిచే టైమ్‌లో ఇద్దరికీ "వద్దులే" అనుకునే వీలు మిగిలి ఉండాలి, ఒకరి గురించి ఒకరికి కొత్త విషయాలు తెలుస్తూ ఉండాలి. ఈ రెండూ ఉంటే ఐదారు నెలలు కూడా చాలా పని చేస్తాయి, లేకపోతే ఐదేళ్ళైనా వేస్టే. మీ విషయంలో ఈ సంబంధం వదులుకోమని నేను అనను, ముహూర్తం వెనక్కి జరపమంటాను, హాల్ అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దంటాను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఒకప్పుడు అందరూ విడిపోయే దాకా వచ్చాకే వచ్చేవాళ్ళు, ఈ మధ్య పెళ్ళికి ముందు కూడా వస్తున్నారు, అదొక్కటే మంచి మార్పు. కింద చెప్పే కేసుల్లో ఊళ్ళు, ఉద్యోగాలు, చిన్న చిన్న వివరాలు మార్చాను.

ముందు ఆ "పదేళ్ళుగా తెలిసినట్టు" సంగతి. అది అబద్ధం అని నేను అనను, మీకు నిజంగానే అలా అనిపిస్తోంది. కానీ ఆ ఫీలింగ్ ఎంత తేలిగ్గా పుడుతుందో తెలిస్తే దాని మీద అంత బరువు పెట్టరు. 1997లో ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మామూలు ప్రశ్నలతో మొదలుపెట్టి మెల్లగా లోపలి విషయాల్లోకి వెళ్ళే 36 ప్రశ్నలు ఇచ్చి ఒకరినొకరు అడుక్కోమన్నారు. ముప్పావుగంటలో వాళ్ళకి, ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటల కంటే బాగా ఎక్కువ దగ్గరితనం వచ్చింది. ఇంటర్నెట్‌లో ఇంతవరకే తిరుగుతూ ఉంటుంది. నాకు ముఖ్యమనిపించే భాగం వేరే ఉంది. ముఖ్యమైన విషయాల్లో అభిప్రాయాలు గొడవపడని జంటల్ని కొందర్ని ఏరి కలిపారు, ఇంకొందర్ని అలా చూడకుండా కలిపారు. దగ్గరితనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అంటే ఏంటి, మనసు విప్పి మాట్లాడుకుంటే దగ్గరితనం ఎలాగూ వస్తుంది, అభిప్రాయాలు కలిసినా కలవకపోయినా వస్తుంది. ముప్పావుగంటకే అంత వస్తే ఐదు వారాల పాటు రోజూ మూడు గంటలు, రాత్రి పదకొండు దాటాక, లైట్ ఆపేసుకుని, చిన్నప్పటి కష్టాలు, పాత బాధలు చెప్పుకుంటే ఎంత రావాలి? వచ్చి తీరుతుంది. అతను మంచివాడు కావొచ్చు, కానీ ఆ ఫీలింగ్ దానికి సాక్ష్యం కాదు. ఫోన్‌లో మీకు తెలుస్తున్నది అతను తన గురించి చెప్పుకుంటున్న కథ. అబద్ధం చెప్తున్నాడని కాదు, మనమందరం మన గురించి అలాగే చెప్తాం. "నాకు కోపం తక్కువ" అని చెప్పేవాళ్ళలో నిజంగా తక్కువ ఉన్నవాళ్ళూ ఉంటారు, ఇంకా కోపం వచ్చే సందర్భం రానివాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు టైమ్ గురించి. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్ళు 2015లో, ఒకసారైనా పెళ్ళయిన మూడు వేల మందికి పైగా జనాన్ని అడిగి చేసిన ఒక లెక్క ఉంది. పెళ్ళి ప్రపోజల్‌కి ముందు ఏడాది కూడా డేటింగ్ చేయనివాళ్ళతో పోలిస్తే, ఏడాది నుంచి రెండేళ్ళు చేసినవాళ్ళలో విడాకుల ప్రమాదం 20 శాతం తక్కువ, మూడేళ్ళు దాటినవాళ్ళలో 39 శాతం తక్కువ. ఇది చూసి "అయితే మూడేళ్ళు ఆగితే సేఫ్" అనుకుంటారు చాలామంది. ఆ లెక్కలో ఉన్నది పెళ్ళి దాకా వచ్చినవాళ్ళే కదా. ఆ మూడేళ్ళలో కుదరక మధ్యలోనే విడిపోయినవాళ్ళు లెక్కలోకే రారు, వాళ్ళు ఎవరికి వాళ్ళు వెళ్ళిపోయారు. టైమ్ చేసే అసలు పని అదే, విరిగిపోవాల్సినవి పెళ్ళికి ముందే విరిగిపోతాయి. ఆ దారి మూసేసుకుని ఎన్నేళ్ళు గడిపినా ఆ పని జరగదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో నేను మొదట చూసేది ఇదే, వీళ్ళకి ఆ దారి ఎప్పుడు మూసుకుపోయింది అని.

మీ ఫ్రెండ్ సంగతి నాకు తెలీదు కాబట్టి ఆమె గురించి మాట్లాడను, అలాంటిదే నేను చూసిన ఒక జంట గురించి చెప్తాను. బీటెక్ ఆఖరి ఏడాదిలో మొదలైంది. ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలొచ్చాయి, రెండు రెంట్లు ఎందుకని ఒకే ఫ్లాట్‌లోకి మారారు. ఆ తర్వాత ఒక కుక్క, ఒక కారు, కారు లోన్ ఇతని పేరు మీద, ఈఎంఐలో సగం ఆమె. మూడో ఏడాదికే ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి విసుగొచ్చేసింది, ఆ మాట ఇద్దరూ నాతో విడివిడిగా ఒప్పుకున్నారు. కానీ విడిపోవాలంటే ఫ్లాట్ వెతుక్కోవాలి, కుక్క ఎవరి దగ్గర, కారు ఎవరిది, ఇద్దరికీ ఒకే ఫ్రెండ్స్ గ్యాంగ్ కదా వాళ్ళకేం చెప్పాలి. ఆ విసుగు పక్కనబెట్టి ఉండిపోయారు. ఇంతలో ఇద్దరిలో ఒకరి అన్నయ్యకి తెలిసిపోయి ఇంట్లో గొడవై, "ఇన్నాళ్ళు కలిసున్నారుగా, ఇంకేం ఆలోచన" అని పెళ్ళి చేసేశారు. పిల్లలు కావాలా వద్దా అనే మాట వాళ్ళిద్దరి మధ్య మొదటిసారి సీరియస్‌గా వచ్చింది పెళ్ళయ్యాక తొమ్మిదో నెలలో. ఆమెకి కావాలి, అతనికి వద్దు. ఐదేళ్ళు కలిసున్నారు!

దీన్ని డెన్వర్ యూనివర్సిటీలో స్కాట్ స్టాన్లీ, గలీనా రోడ్స్ అనే ఇద్దరు ఎన్నో ఏళ్ళుగా స్టడీ చేస్తున్నారు. వాళ్ళు చెప్పేదేంటంటే, మనుషులు ఒక్కో మెట్టు నిర్ణయం తీసుకుని ఎక్కట్లేదు, జారుకుంటూ వెళ్ళిపోతున్నారు, జారేకొద్దీ వెనక్కి రావడం ఖరీదైపోతుంది. 2023లో వాళ్ళు ఇచ్చిన రిపోర్టులో, ఎంగేజ్‌మెంట్ కాకముందే కలిసి కాపురం పెట్టి తర్వాత పెళ్ళి చేసుకున్నవాళ్ళలో 34 శాతం పెళ్ళిళ్ళు విడిపోయాయి, ఎంగేజ్‌మెంట్ లేదా పెళ్ళి అయ్యాక కలిసున్నవాళ్ళలో 23 శాతం. కలిసుండటం తప్పని నేను దీన్ని చూపించట్లేదు, నాకు అలాంటి అభ్యంతరాలేం లేవు. ఏ పని ముందు జరిగింది, ఏ నిర్ణయం తర్వాత జరిగింది అనే వరస చూడండి.

ఇప్పుడు మన వైపు చూడండి. మనవాళ్ళు "మేం లివిన్ చెయ్యలేదు కదా, మాకేంటి" అంటారు. మనకి లివిన్ అక్కర్లేదండీ, ఫంక్షన్ హాల్ చాలు. అడ్వాన్స్ కడతారు, క్యాటరింగ్‌కి చెప్తారు, అమ్మ మంగళగిరి వెళ్ళి పెట్టుబడి చీరలు తెచ్చేస్తుంది, బంగారం కొంటారు, మేనత్త ఊరంతా చెప్పేస్తుంది, శుభలేఖలు అచ్చవుతాయి. సరిగ్గా అప్పుడు అమ్మాయికో అబ్బాయికో ఒక విషయం తెలుస్తుంది, తెలిసినా నోరు తెరవలేరు. "ఇప్పుడు వద్దంటే నాన్న పరువేం కావాలి" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదేమో. ఆ బెంగళూరు జంటకి మూడేళ్ళలో మూసుకుపోయిన దారి మన అరేంజ్డ్ సంబంధాల్లో పది రోజుల్లో మూసుకుపోతుంది. మీరు ఐదో వారంలో ఉన్నారు, అడ్వాన్స్ ఇస్తే ఆరో వారంలో మూసుకుపోతుంది. నేను అడ్వాన్స్ దగ్గరే ఎందుకు ఆగానో అర్థమైందనుకుంటా.

దీనికి చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళయిన ఏడాది లోపు, మరీ అసాధారణమైన కష్టం ఉందని కోర్టు ఒప్పుకుంటే తప్ప విడాకుల పిటిషన్ తీసుకోరు. ఇద్దరూ ఇష్టపడి విడిపోవాలన్నా ఏడాది విడిగా ఉండాలి. మూడు నెలల ముందు ఒక ఫోన్ కాల్‌తో అయిపోయే పని తర్వాత ఏళ్ళు పడుతుంది.

తొందరగా అయిన పెళ్ళిళ్ళన్నీ పాడైపోతాయా అంటే, కాదు. టెడ్ హ్యూస్టన్ అనే ప్రొఫెసర్ పెన్సిల్వేనియాలో 1981లో పెళ్ళి చేసుకున్న 168 జంటల్ని పదమూడేళ్ళకి పైగా ఫాలో అయ్యాడు. అందులో మధ్యస్థంగా, గొడవలు పెద్దగా లేకుండా నడిచిన పరిచయాలే ఎక్కువగా నిలబడ్డాయి. లాగి లాగి, విడిపోతూ కలుస్తూ పెళ్ళి దాకా వచ్చినవాళ్ళు తొందరగా విడిపోయారు. సుడిగాలిలా ప్రేమలో పడి పెళ్ళి చేసుకున్నవాళ్ళలో కూడా విడిపోయినవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళు చాలా ఆలస్యంగా, ఏడేళ్ళు దాటాక. ఎందుకంటే వాళ్ళు ఎక్కడో పైన మొదలుపెట్టారు, మొదటి రెండేళ్ళలో ఆ ప్రేమ, ఆ ముచ్చట్లు దబ్బున పడిపోయాయి, పడిపోయాక కూడా "మళ్ళీ మొదట్లో లాగా అవుతుందిలే" అని ఎదురుచూస్తూ ఉండిపోయారు. నా దగ్గరికి పెళ్ళయిన ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట వచ్చే ఆడవాళ్ళు చెప్పేది అచ్చం ఇదే. "పెళ్ళికి ముందు రోజుకి యాభై మెసేజ్‌లు పెట్టేవాడండీ" అని మొదలుపెడతారు. మీకు రోజూ మూడు గంటల కాల్ అలవాటైంది కదా, పెళ్ళయ్యాక అది ముప్పై నిమిషాలకి పడుతుంది, పడక తప్పదు, ఉద్యోగాలున్నాయి, ఇల్లుంది. అది పెళ్ళికి ముందే కొంత పడి, అప్పుడు కూడా మీకు అతను నచ్చాడా లేదా తెలిస్తే మంచిది.

అయితే ఇవన్నీ అమెరికా లెక్కలే. అక్కడ పెళ్ళి నిలబడటం అంటే ఇద్దరికీ ఇష్టమై ఉండటం అనే చాలావరకు అనుకోవచ్చు. మన దగ్గర అలా కాదు, విడాకులు తీసుకోలేక ఉండిపోయినవాళ్ళు బోలెడంత మంది. "మా తాత పెళ్ళిలోనే మొదటిసారి చూశాడు మా అమ్మమ్మని, అరవై ఏళ్ళు కాపురం చేశారు" అని ఎవరైనా అంటే, అమ్మమ్మని ఒకసారి పక్కకి పిలిచి అడగండి.

సరే, తొందరలోంచి బయటపడి బాగున్న జంట ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. అమ్మాయిది గుంటూరు వైపు, హైదరాబాద్‌లో ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసర్. అబ్బాయి డల్లాస్‌లో, హెచ్1బీ మీద. అతను మూడు వారాల సెలవు మీద వచ్చాడు, పెళ్ళిచూపులైన పన్నెండో రోజుకి ఇద్దరికీ నచ్చేసింది, ఇంట్లోవాళ్ళు ఈ ట్రిప్‌లోనే పెళ్ళి కూడా చేసేద్దామన్నారు. అమ్మాయి భయపడి నా దగ్గరికొచ్చింది. నేను చెప్పింది ఒక్కటే, ఇంట్లో ఓ పది మందితో తాంబూలాలు మార్చుకోండి, హాల్ వద్దు, కార్డులు వద్దు, పెళ్ళి అతని తర్వాతి ట్రిప్‌కి పెట్టుకోండి. అబ్బాయి తల్లి అలిగింది, అబ్బాయి మాత్రం "పర్లేదు, నాక్కూడా టికెట్ గోలలో పెళ్ళి ఇష్టం లేదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఆ ఐదు నెలల్లో రెండు విషయాలు బయటికొచ్చాయి. మొదటిది, "ఇంటి బాధ్యతలు కొన్ని ఉన్నాయి" అని మొదట్లో అన్నాడు. ఎంత, ఎవరికి, ఎప్పటిదాకా అని ఆమె అడిగితే తెలిసింది, తండ్రి చిట్టీల వ్యాపారంలో దెబ్బతిన్న అప్పు, ఇంకా మూడేళ్ళు నెలనెలా పంపాలి. రెండోది ఇంకా పెద్దది. ఆమె ఉద్యోగం సంగతి అడిగితే "అక్కడికొచ్చాక చూద్దాంలే" అనేవాడు. హెచ్1బీ ఉద్యోగి భార్యగా హెచ్4 వీసా మీద వెళ్ళినవాళ్ళు వర్క్ పర్మిట్ లేకుండా పని చెయ్యలేరు. ఆ పర్మిట్ రావాలంటే భర్తకి గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయినా ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తూ హెచ్1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపులో అయినా ఉండాలి. "మీ ఐ-140 ఎక్కడిదాకా వచ్చింది" అని సూటిగా అడిగింది. కంపెనీ ఇంకా ఆ పనే మొదలుపెట్టలేదు. అంటే బ్యాంకు ఉద్యోగం మానేసి వెళ్తే ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోవాలో తెలీదు.

పెద్ద గొడవైంది. అతను మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆమె ఏడ్చింది, నేను ఆమెని ఫోన్ చెయ్యొద్దన్నాను, మెసేజ్ ఒకటి పెట్టి ఊరుకోమన్నాను. నాలుగో రోజు అతనే చేశాడు, సారీ చెప్పాడు. సారీ కంటే ముఖ్యం, కంపెనీ హెచ్ఆర్‌తో మాట్లాడి ఎప్పుడు మొదలుపెడతారో కనుక్కుని ఆ మెయిల్ ఆమెకి పంపాడు. బ్యాంకులో జీతం లేని సెలవు ఎంత కాలం ఇస్తారో ఆమె కనుక్కుంది. ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకుని, పెళ్ళయ్యాక మొదటి ఏడాది ఆమె ఇక్కడే ఉండాలని ఒప్పుకున్నారు. పెళ్ళయింది, బాగున్నారు. అప్పు, వీసా రెండూ మొదటి నుంచీ ఉన్నవే, పన్నెండో రోజున ఇద్దరూ మహా ప్రేమగా ఉన్నప్పుడు కూడా ఉన్నాయి. గొడవ పడితే ఇతను ఏం చేస్తాడు, ఎన్ని రోజులకి తిరిగొస్తాడు, వచ్చి మాటలు చెప్తాడా పని చేస్తాడా, అది ఫోన్‌లో రాత్రి కబుర్లలో తెలిసేది కాదు.

అందుకని మీరు చెయ్యాల్సింది. మొదట, కాల్స్ తగ్గించండి, రోజుకి అరగంట, అది కూడా పగలో సాయంత్రమో. ఆ మిగిలిన టైమ్ కలవడానికి వాడండి. కేఫ్‌లో కాదు, అక్కడ ఎవరైనా మంచిగానే ఉంటారు. అతని ఫ్రెండ్స్ ఉన్నప్పుడు కలవండి, వాళ్ళింట్లో అతని తల్లి పని చేస్తుంటే అతను సోఫాలోంచి లేస్తాడా లేదా చూడండి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఆర్డర్ తప్పు తెచ్చిన కుర్రాడితో మాట్లాడేటప్పుడు చూడండి. డబ్బు గురించి "బాధ్యతలు", "సెటిల్" లాంటి మాటలు ఒప్పుకోకండి, అంకెలు అడగండి, ముందు మీ అంకెలు మీరు చెప్పండి. జీతం, అప్పులు, ఇంటికి పంపేది, పెళ్ళయ్యాక ఎక్కడుండాలి, ఎవరితో ఉండాలి. ముఖ్యమైన ప్రశ్నలు ఓ నెల ఆగి ఇంకోసారి మాటల్లో మాటగా అడగండి. జవాబు మారితే గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఎందుకు మారిందో వినండి.

రెండోది, ఇదే అన్నిటికంటే తొందరగా జవాబిచ్చేది. "నాకు ఇంకో మూడు నెలలు కావాలి" అని మామూలుగా చెప్పి ఊరుకోండి, ఏం జరుగుతుందో చూడండి. కొంచెం బాధపడటం, "ఎందుకు, నా మీద డౌటా" అనడం సహజం, అది పట్టించుకోకండి. కానీ ఆ తర్వాత రోజూ అదే టాపిక్ తేవడం, మీకు చెప్పకుండా మీ నాన్నకి ఫోన్ చెయ్యడం, "వేరే సంబంధం రెడీగా ఉంది" అనడం, లేకపోతే సడన్‌గా గిఫ్టులు పెరిగిపోవడం, ఇవి చూస్తే మాత్రం ఆగండి. మీరు వద్దన్న చోట అతను ఏం చేస్తాడో తెలియడం పెళ్ళయ్యాక మీకు చాలాసార్లు అవసరమవుతుంది. వాళ్ళింట్లోవాళ్ళు తొందర పెట్టడం, అతను తొందర పెట్టడం వేరు వేరు, కలిపి చూడకండి. పెద్దవాళ్ళకి సవాలక్ష కారణాలుంటాయి, నాయనమ్మ ఆరోగ్యం, చెల్లెలి పెళ్ళి, మూఢం. అతను ఆ ఒత్తిడికీ మీకూ మధ్య నిలబడతాడా, అది చూడండి.

మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు కాబట్టి, ఎంగేజ్‌మెంట్ అయ్యాక ట్రిప్పులు, శారీరకంగా దగ్గరవ్వడం గురించి. 2012లో కార్నెల్‌లో చేసిన ఒక స్టడీలో దాదాపు ఆరు వందల జంటల్ని చూస్తే, నిదానంగా దగ్గరైన ఆడవాళ్ళే తర్వాత తమ బంధం బాగుందని ఎక్కువగా చెప్పారు. కానీ అందులో చాలా భాగం, తొందరగా దగ్గరైనవాళ్ళు తొందరగా కలిసి కాపురం కూడా పెట్టేయడం వల్ల వచ్చిన తేడా. మళ్ళీ అదే సంగతి. మన అమ్మాయిలకి "ఇంత దూరం వచ్చాక ఇంక వద్దని ఎలా అంటాను" అనే ఆలోచన ఎక్కువ. ఆ ఆలోచన మీకూ వస్తుందనిపిస్తే అంతదాకా వెళ్ళకండి, రాదనుకుంటే అది మీ ఇష్టం, నేను చెప్పేదేం లేదు.

ఆగకూడని సందర్భం కూడా ఒకటుంది. ఏడాదిన్నర, రెండేళ్ళు గడిచి, పైన చెప్పినవన్నీ తెలిసిపోయి, కొత్తగా తెలిసేదేం లేక కూడా ఒకరు "ఇంకొంచెం టైమ్" అంటుంటే అది నిదానం కాదు, వద్దని చెప్పడానికి వాళ్ళకి మొహమాటం. అప్పుడు ఒక తేదీ పెట్టుకుని అవుననో కాదనో తేల్చుకోండి. మీ ఫ్రెండ్‌ని అడిగి చూడండి, ఆ ఐదేళ్ళలో ఏ ఏడాది తర్వాత అతని గురించి కొత్తగా ఏమీ తెలుసుకోలేదో. చాలామంది రెండు అంటారు.

ఇక మీ అమ్మగారికి ఏం చెప్పాలంటే, "వద్దు" అని మొదలుపెట్టకండి, ఇల్లంతా కంగారుపడుతుంది. ఆషాఢం దాటితే శ్రావణంలో ముహూర్తాలుంటాయి, అప్పటికీ కాకపోతే భాద్రపదం పోయాక ఆశ్వయుజం, కార్తీకం ఉన్నాయి. "శ్రావణంలోనో కార్తీకంలోనో పెట్టుకుందాం, ఈలోపు ఇంట్లోనే తాంబూలాలు మార్చుకుందాం" అనండి. కార్తీకం అయితే ఇంకా మంచిది, మీరు అడిగిన మూడు నెలలూ దాటి వస్తాయి. హాల్ వాళ్ళు డేట్ పోతుందని భయపెడతారు, వాళ్ళ పని అది. మీవాళ్ళు అప్పటికీ వినకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా, ఎంత కోస్తారు అని రాతపూర్వకంగా అడిగి, పోయినా మీ నాన్నగారు బాధపడనంత మొత్తమే కట్టమనండి.